తొమ్మిదితో భాగిస్తే దొరికే తప్పు

డెబిట్ వైపు మొత్తం రూ.12,66,800. క్రెడిట్ వైపు మొత్తం రూ.12,70,400. మార్చి 31 నాటి లెక్కలు ముగిద్దామని కూర్చున్న గుమాస్తాకు ఈ రెండు అంకెలూ ఎదురైతే పని అక్కడే ఆగిపోతుంది. తేడా రూ.3,600. గల్లాపెట్టెలో డబ్బు తగ్గలేదు, బ్యాంకు పాస్‌బుక్కు సరిపోయింది. అయినా పుస్తకాల్లో ఎక్కడో ఒక అంకె తప్పు పడింది. ఏడాది పొడవునా రాసిన వందల పద్దుల్లో అది ఎక్కడుందో వెతకాలి.

ఇలాంటి వెతుకులాటను ఏ మూల నుంచి మొదలుపెట్టాలో తేడా అంకే చాలాసార్లు చెబుతుంది. అది ఎలాగో తెలియాలంటే ముందు ట్రయల్ బ్యాలెన్స్ తయారయ్యే తీరు చూడాలి. ఇంటర్ కామర్స్ పుస్తకాల్లో దీన్నే అంకణా అంటారు.

జంట పద్దు విధానంలో ప్రతి లావాదేవీనీ రెండు చోట్ల రాస్తారు. ఒక ఖాతాలో డెబిట్, మరో ఖాతాలో అంతే మొత్తం క్రెడిట్. 1494లో వెనిస్‌లో అచ్చయిన తన గణిత గ్రంథంలో లూకా పాసియోలీ ఈ పద్ధతిని వివరించాడు. రెండు వైపులా మొత్తాలు వేసి సరిచూసుకోవడం గురించి కూడా అందులోనే రాశాడు. రాసిన ప్రతి డెబిట్‌కూ అంతే క్రెడిట్ ఉన్నప్పుడు, ఖాతాలన్నిటి నిల్వలూ రెండు వరుసల్లో పేర్చి కూడితే మొత్తాలు కలవాలి. ట్రయల్ బ్యాలెన్స్ అంటే ఆ పేర్పే.

ఒక స్టీలు సామాన్ల దుకాణం లెక్క తీసుకుందాం. విషయం తేలిగ్గా అర్థం కావడానికి జీఎస్టీ ఖాతాలను పక్కన పెడదాం. ముందుగా ఆవర్జాలోని ప్రతి ఖాతానూ నిల్వ తేల్చాలి. బ్యాంకు ఖాతాలో ఏడాది మొత్తం జమ పడింది 4,80,300, తీసింది 4,18,000 అనుకుంటే డెబిట్ నిల్వ 62,300. ఇలా ఒక్కో ఖాతాకూ ఒక్క అంకె మిగులుతుంది. ఆస్తులు, ఖర్చులు, యజమాని సొంతానికి వాడుకున్న డబ్బు డెబిట్ వరుసలోకి వెళ్తాయి. మూలధనం, ఇవ్వాల్సిన బాకీలు, రాబడులు క్రెడిట్ వరుసలోకి వెళ్తాయి.

| ఖాతా | డెబిట్ (రూ.) | క్రెడిట్ (రూ.) |
|---|---|---|
| నగదు | 18,450 | |
| బ్యాంకు | 62,300 | |
| ఫర్నిచర్ | 45,000 | |
| ఏడాది మొదట్లో ఉన్న సరుకు | 1,20,000 | |
| కొనుగోళ్లు | 6,84,500 | |
| అద్దె | 72,000 | |
| జీతాలు | 96,000 | |
| కరెంటు బిల్లులు | 14,280 | |
| రవాణా, హమాలీ | 9,720 | |
| ఖాతాదారుల నుంచి రావలసింది | 84,550 | |
| సొంత వాడకాలు | 60,000 | |
| మూలధనం | | 2,50,000 |
| అమ్మకాలు | | 9,26,800 |
| సరుకు ఇచ్చినవారికి బాకీ | | 91,100 |
| వచ్చిన డిస్కౌంట్ | | 2,500 |
| మొత్తం | 12,66,800 | 12,70,400 |

మార్చి 31న దుకాణంలో మిగిలిన సరుకు ఈ పట్టికలో లేదేమని కొత్తవాళ్లు అడుగుతుంటారు. దాన్ని ఆ రోజు లెక్కపెట్టి విలువ కడతారు గానీ అప్పటికి ఏ ఖాతాలోనూ రాసి ఉండరు. అందుకే మామూలుగా ట్రయల్ బ్యాలెన్స్‌లోకి రాదు.

ఇప్పుడు తేడా సంగతి. మొదట చేయాల్సింది కూడికను కింది నుంచి పైకి మళ్లీ వేయడం. పై నుంచి కిందికే రెండోసారి కూడితే మొదట పొరబడిన చోటే మళ్లీ పొరబడే అవకాశం ఎక్కువ. తర్వాత ఏ ఖాతా అయినా పట్టికలోకి రాకుండా పోయిందేమో చూడాలి. నగదు, బ్యాంకు నిల్వలు ఆవర్జాలో కాకుండా నగదు పుస్తకంలో ఉంటాయి కాబట్టి ఎక్కువగా మరిచిపోయేది వాటినే. ఇక్కడ రెండూ ఉన్నాయి. సరిగ్గా 3,600 నిల్వ ఉన్న ఖాతా ఏదీ మిగిలిపోలేదు.

మూడో పని తేడాను సగం చేయడం. డెబిట్‌లో ఉండాల్సిన మొత్తం క్రెడిట్‌లో పడితే ఒక వైపు తగ్గి, రెండో వైపు పెరుగుతుంది. తేడా రెట్టింపు అవుతుంది. 3,600లో సగం 1,800. క్రెడిట్ వరుసలో 1,800 ఎక్కడా లేదు.

అప్పుడు తొమ్మిదితో భాగించి చూడాలి. 3,600ను తొమ్మిదితో భాగిస్తే శేషం లేకుండా 400 వస్తుంది. పక్కపక్కన ఉండే రెండు అంకెలు తారుమారైనప్పుడు వచ్చే తేడా ఎప్పుడూ తొమ్మిదితో భాగం పోతుంది. కారణం సులువే. 7,350ని 3,750 అని రాశారనుకుందాం. వేల స్థానంలో ఉన్న 7 వందల్లోకి జారింది. అంటే 7,000 కాస్తా 700 అయి 6,300 తగ్గింది. వందల్లో ఉన్న 3 వేలల్లోకి ఎక్కి, 300 ఉన్నది 3,000 అయి 2,700 పెరిగింది. తగ్గిన దాంట్లోంచి పెరిగింది తీసేస్తే 3,600. ఏ అంకె అయినా ఒక స్థానం జరిగితే దాని విలువలో మార్పు తొమ్మిది రెట్లుగా ఉంటుంది. అందుకే తేడా కూడా తొమ్మిది గుణిజమే అవుతుంది.

భాగఫలం ఇంకో రెండు సంగతులు చెబుతుంది. 400లో ఉన్న 4, తారుమారైన రెండు అంకెల మధ్య దూరం: 7, 3 లేదా 9, 5 లేదా 6, 2 లాంటి జత. ఆ 4 వందల స్థానంలో ఉంది కాబట్టి తప్పు వేలకూ వందలకూ మధ్య జరిగింది. భాగఫలం 40 అయ్యుంటే వందలు, పదుల మధ్య వెతకాలి. 4 అయ్యుంటే పదులు, ఒకట్ల మధ్య వెతకాలి.

దిక్కు కూడా తేల్చుకోవచ్చు. తగ్గింది డెబిట్ వైపు. కాబట్టి డెబిట్‌లో ఏదో మొత్తం తక్కువగా పడి ఉండాలి, లేదా క్రెడిట్‌లో ఏదో ఎక్కువగా పడి ఉండాలి. డెబిట్‌లో అయితే వేల అంకె వందల అంకె కన్నా నాలుగు చిన్నది కావాలి. క్రెడిట్‌లో అయితే నాలుగు పెద్దది కావాలి. ఈ కన్నుతో పట్టికను చూస్తే నగదు 18,450 దగ్గర చూపు ఆగుతుంది. 8, 4 మధ్య దూరం నాలుగే. కానీ దిక్కు వేరు. 14,850ని 18,450 అని రాసి ఉంటే డెబిట్ పెరగాలి, ఇక్కడ తగ్గింది. కాబట్టి నగదు నిల్వను వదిలేయవచ్చు. మిగతా నిల్వల్లో ఈ కొలతకు సరిపోయే జత ఒక్కటీ లేదు.

దీన్నిబట్టి ఆవర్జా నిల్వను పట్టికలోకి ఎత్తి రాసేటప్పుడు అంకెలు తారుమారు కాలేదని తేలింది. తప్పు ఇంకా వెనక, ఆవర్జా ఖాతాల్లోపల ఉంది.

ముందుగా వెతకాల్సింది ఖాతాదారుల దగ్గర. అమ్మకాల పుస్తకంలో అరువు బిల్లులన్నీ వరుసగా ఉంటాయి. నెలాఖరుకు వాటి మొత్తాన్ని ఒకేసారి అమ్మకాల ఖాతాకు క్రెడిట్ చేస్తారు. డెబిట్ మాత్రం ఏ బిల్లుకు ఆ బిల్లు, ఏ ఖాతాదారుకు ఆ ఖాతాదారు విడివిడిగా రాస్తారు. అన్ని అంకెలు చేత్తో ఎత్తి రాసే చోటే పొరపాటుకు ఎక్కువ అవకాశం. పైగా అక్కడ జరిగే పొరపాటు ఒక వైపుకే పరిమితమవుతుంది, అందుకే ట్రయల్ బ్యాలెన్స్‌లో బయటపడుతుంది. పుస్తకం పక్కన పుస్తకం పెట్టుకుని, సరిపోయిన ప్రతి పద్దుకూ ఎర్ర పెన్సిల్‌తో టిక్కు పెడుతూ పోవాలి. అన్నీ చదవక్కర్లేదు. ఖాతాదారుల డెబిట్ పద్దుల్లో 3,7 లేదా 2,6 లేదా 1,5 లాంటి జత కనిపించిన చోట ఆగి, అసలు బిల్లుతో పోల్చితే చాలు.

ఈ దుకాణంలో అది నవంబరు 12 నాటి పద్దులో దొరికింది. క్యాటరింగ్ చేసే ఒక ఖాతాదారుకు గిన్నెలు, డేగిసాలు ఇచ్చిన బిల్లు అమ్మకాల పుస్తకంలో 7,350. అతని ఖాతాలో పడింది 3,750. అతను ఇంకా డబ్బు కట్టలేదు. కట్టి ఉంటే అతని ఖాతా తలకిందులై, దుకాణమే అతనికి 3,600 బాకీ ఉన్నట్టు చూపేది. ఆ వింత నిల్వ ముందే కంటపడేది. ఈ తప్పు దొరక్కపోతే వసూలుకు వెళ్లిన మనిషి 3,750 మాత్రమే అడిగి తెచ్చేవాడు.

దిద్దేటప్పుడు అంకె మీద అంకె రాయకూడదు. తప్పును ఒక గీతతో కొట్టేసి, సరైన మొత్తం పైన రాసి, పొట్టి సంతకం పెట్టాలి. తేడా దొరక్కముందే గడువు మీద పడి, 3,600ను అనామతు ఖాతాకు డెబిట్ వేసి ట్రయల్ బ్యాలెన్స్‌ను కలిపి ఉంటే, ఇప్పుడు ఖాతాదారుకు డెబిట్, అనామతు ఖాతాకు క్రెడిట్ రాయాలి. అనామతు ఖాతా అక్కడితో మూతపడుతుంది. ఖాతాదారుల నిల్వ 88,150 అవుతుంది, రెండు వైపులా 12,70,400 నిలుస్తుంది.

ఈ తొమ్మిది లెక్క ఒక ఆనవాలే గానీ రుజువు కాదు. ఏ సంఖ్యనైనా యథాలాపంగా తీసుకుంటే తొమ్మిదింట ఒకటి తొమ్మిదితో భాగం పోతుంది. అదీగాక 4,000 రాయాల్సిన చోట ఒక సున్నా జారి 400 పడినా తేడా సరిగ్గా 3,600 వస్తుంది. అందుకే టిక్కులు పెట్టేటప్పుడు డెబిట్‌లో 400 పద్దులనూ, క్రెడిట్‌లో 4,000 పద్దులనూ ఓసారి చూసుకోవాలి. రెండు వేర్వేరు తప్పులు కలిసి తేడా తొమ్మిది గుణిజంగా తేలిన సందర్భంలో ఈ చిట్కా పక్కదారి పట్టిస్తుంది. అలాంటప్పుడు ప్రతి పద్దునూ టిక్కు పెట్టుకుంటూ పోవడం తప్ప మార్గం లేదు.

అంతకన్నా పెద్ద పరిమితి ఇంకోటి ఉంది. సరుకు పంపిన వ్యాపారి బిల్లు 6,480 ఉంటే, దాన్ని కొనుగోళ్ల పుస్తకంలోనే 4,680 అని దించారనుకోండి. అక్కడి నుంచి కొనుగోళ్ల ఖాతాకూ, ఆ వ్యాపారి ఖాతాకూ 4,680 చొప్పునే వెళ్తుంది. రెండు వైపులా ఒకే తప్పు కాబట్టి ట్రయల్ బ్యాలెన్స్ చక్కగా కలుస్తుంది. ఇవాళ కంప్యూటర్లో ట్యాలీ లాంటి ప్యాకేజీల్లో జరిగేది ఎక్కువగా ఇదే. వోచర్‌లో డెబిట్, క్రెడిట్ కలవకపోతే యంత్రం దాన్ని తీసుకోదు, కూడికల్లో తప్పదు. కానీ బిల్లు మొత్తాన్ని వేలితో తారుమారుగా కొడితే దాన్ని రెండు వైపులా నమ్మకంగా రాసేస్తుంది. పాత చేతిరాత పుస్తకాల నుంచి నిల్వలను మొదటిసారి కంప్యూటర్లోకి ఎక్కించేటప్పుడు మాత్రం ఓపెనింగ్ బ్యాలెన్స్‌లలో తేడా కనిపించవచ్చు. అప్పుడు పైన చెప్పిన తొమ్మిది లెక్క ఇప్పటికీ అలాగే పనికొస్తుంది.

రెండు వైపులా ఒకేలా పడిన తప్పు బయటి కాగితంతోనే దొరుకుతుంది. నెలనెలా బ్యాంకు స్టేట్‌మెంటుతో నగదు పుస్తకాన్ని, సరుకు ఇచ్చిన వ్యాపారి పంపే స్టేట్‌మెంటుతో అతని ఖాతాను పోల్చి చూసుకోండి. ట్రయల్ బ్యాలెన్స్‌ను కూడా ఏడాదికోసారి కాకుండా ప్రతి నెలాఖరుకూ తీయండి. అక్టోబరు వరకు కలిసి నవంబరులో తేడా వస్తే, వెతకాల్సింది ఆ నెల పద్దుల్లోనే.