కరెంటు పోయేది పది సెకన్లు.. నెట్ పోయేది నాలుగు నిమిషాలు! బిల్డింగ్ మేనేజర్‌కు ఫిర్యాదు ఎలా చేయాలి?

మెహదీపట్నంలో ఓ కమర్షియల్ కాంప్లెక్స్. రెండో అంతస్తులో ఐదుగురు పనిచేసే చిన్న అకౌంట్స్ ఆఫీసు ఉందనుకుందాం. ఆ రోజు 20వ తేదీ. నెలవారీ జీఎస్టీ రిటర్ను 3బీ వేయడానికి ఆఖరి రోజు. అకౌంటెంట్ ఓ షాపు యజమాని తరఫున చలాన్ డబ్బు కడుతుండగా బ్యాంకు పేజీ మధ్యలో ఆగిపోయింది. డబ్బు కట్ అయిందో లేదో తెలియదు. మళ్లీ కడితే రెండుసార్లు పోతుందేమోనని భయం. నాలుగు నిమిషాలకు నెట్ వచ్చింది. అరగంట గడిచిందో లేదో మళ్లీ పోయింది.

ఇది రెండు నెలలుగా జరుగుతున్నదే. ఆఫీసు వాళ్లు ఫిర్యాదు చేయలేదా అంటే, చేశారు. "సాబ్, నెట్ రావట్లేదు, కొంచెం చూడండి" అని బిల్డింగ్ మేనేజర్‌కు వాట్సాప్ పెట్టారు. "అది మీ నెట్ కంపెనీ పని, మాకు సంబంధం లేదు" అని జవాబు వచ్చింది. నెట్ కంపెనీకి ఫోన్ చేస్తే సాయంత్రం టెక్నీషియన్ వచ్చి, స్పీడ్ టెస్ట్ చేసి, "లైన్ బాగానే ఉంది" అని వెళ్లిపోయాడు. ఇద్దరూ అబద్ధం చెప్పలేదు. వచ్చి పోయే లోపం ఎవరైనా చూడటానికి వచ్చేసరికి కనిపించదు. అందుకే దాన్ని పట్టుకోవాల్సింది అక్కడే కూర్చుని పనిచేసేవాళ్లు.

పోయింది ఏది, ఆగనిది ఏది?

నెట్ పోయిన క్షణంలో ఏది ఆగింది, ఏది ఆగలేదు అన్నదే అసలు ఆధారం. ఈ ఆఫీసులో కంప్యూటర్లు, వైఫై రౌటర్ యూపీఎస్ మీద ఉన్నాయి. కాబట్టి అవి ఆగవు. లైట్లు, ఫ్యాన్లు మాత్రం నేరుగా కరెంటు మీద నడుస్తాయి. నెట్ పోయే ముందు ప్రతిసారీ లైట్లు ఒక్కసారి ఆరి వెలుగుతున్నాయని ఒకరు గమనించారు. పది సెకన్ల విషయం కదా అని అప్పటిదాకా ఎవరూ పట్టించుకోలేదు.

రెండో ఆధారం రౌటర్‌లోనే దొరుకుతుంది. బ్రౌజర్‌లో రౌటర్ అడ్రసు (చాలావాటికి 192.168.1.1 లేదా 192.168.0.1) టైప్ చేసి లాగిన్ అయితే, స్టేటస్ పేజీలో చాలా రౌటర్లు Uptime అని చూపిస్తాయి. రౌటర్ ఆగకుండా ఎంతసేపటి నుంచి నడుస్తోందో అది చెబుతుంది. నెట్ పోయి వచ్చాక అక్కడ నాలుగైదు నిమిషాలే కనిపిస్తే, రౌటర్ ఆరి మళ్లీ వెలిగిందన్నమాట. అప్పుడు లోపం ఆఫీసు లోపలిదే. రౌటర్ ప్లగ్గు, అడాప్టర్, యూపీఎస్ చూసుకోవాలి. ఇక్కడ మాత్రం తొమ్మిది రోజులు అని ఉంది. అంటే రౌటర్ ఆగలేదు, దానికి వచ్చే లైనే బయట ఎక్కడో ఆగుతోంది.

మూడోది పక్కవాళ్లను అడగడం. మూడో అంతస్తులో అదే కంపెనీ నెట్ వాడే ట్యూషన్ సెంటర్‌కూ సరిగ్గా అదే సమయంలో నెట్ పోతోంది. వేరే కంపెనీ నెట్ ఉన్న క్లినిక్‌కు పోవడం లేదు.

సెల్లార్‌లో ఉన్న డబ్బా

ఈ మూడూ కలిపి చూస్తే దారి సెల్లార్‌కు తీసుకెళ్తుంది. చాలా కాంప్లెక్స్‌లలో నెట్ కంపెనీలు సెల్లార్‌లోనో, మెట్ల దగ్గరో ఓ ఇనుప డబ్బాలో స్విచ్ పెట్టి, అక్కడి నుంచి అంతస్తులకు కేబుల్ లాగుతాయి. ఆ స్విచ్‌కు కరెంటు కావాలి. ఈ బిల్డింగ్‌లో అది కామన్ ఏరియా సాకెట్‌కు పెట్టి ఉంది, యూపీఎస్ లేదు.

మెయిన్ కరెంటు పోయినప్పుడు జనరేటర్ అందుకోవడానికి కొన్ని సెకన్లు పడుతుంది. ఆ కాస్త వ్యవధిలో స్విచ్ ఆరిపోతుంది. కరెంటు వెంటనే వచ్చినా, స్విచ్ మళ్లీ బూట్ అయి, రౌటర్ తిరిగి కనెక్ట్ అయ్యేసరికి మూడు నాలుగు నిమిషాలు. ఇంకో సంగతి: మెయిన్ కరెంటు తిరిగి వచ్చాక జనరేటర్ నుంచి లోడు మార్చేటప్పుడు కూడా చిన్న ఖాళీ ఉంటుంది. అందుకే ఒక్క పవర్ కట్‌కు నెట్ రెండుసార్లు పోతోంది. రెండోసారి "కరెంటు పోలేదు కదా, మరి నెట్ ఎందుకు పోయింది" అని అందరూ తికమకపడింది ఇక్కడే.

వారం రోజుల లెక్క

ఆఫీసు వాళ్లు వారం పాటు ఓ నోట్‌బుక్‌లో రాశారు. తేదీ, లైట్లు ఆరిన టైమ్, నెట్ పోయిన టైమ్, వచ్చిన టైమ్, ఆగిన పని. అంతే. "రోజూ పోతోంది" అంటే వాదన అవుతుంది. టైమ్ రాస్తే దాన్ని మేనేజర్ దగ్గరే ఉన్న జనరేటర్ లాగ్‌బుక్‌తో పోల్చి చూడవచ్చు. జనరేటర్ ఎప్పుడు ఆన్ అయింది, ఎప్పుడు ఆఫ్ అయిందో ఎలక్ట్రీషియన్ అందులో రాస్తాడు. తర్వాత మేనేజర్‌కు ఈమెయిల్ పంపి, కాపీ వాట్సాప్‌లో పెట్టారు:

"మేనేజర్ గారికి, రెండో అంతస్తు ఆఫీసు నుంచి. ఈ వారం మా నెట్ ఎనిమిదిసార్లు, ప్రతిసారీ సుమారు నాలుగు నిమిషాలు పోయింది. ఎనిమిదిసార్లూ దానికి ముందు లైట్లు ఆరి వెలిగాయి. ఉదాహరణకు సోమవారం 11.05కు, మళ్లీ 11.42కు. మా రౌటర్ యూపీఎస్ మీద ఉంది, అది ఆగలేదు. మూడో అంతస్తులోనూ ఇదే సమస్య. సెల్లార్‌లోని నెట్ స్విచ్‌కు యూపీఎస్ లేకపోవడం కారణమని అనుకుంటున్నాం. ఈ టైమ్‌లను జనరేటర్ లాగ్‌బుక్‌తో సరిచూడగలరు. నెట్ కంపెనీ టెక్నీషియన్, మన ఎలక్ట్రీషియన్ ఒకేసారి వచ్చి చూసేలా ఈ వారంలో ఓ టైమ్ ఇవ్వండి. 20వ తేదీన డబ్బు కట్టే పని మధ్యలో ఆగింది. వచ్చే నెల 20లోపు ఇది సరిచేయాలని మనవి."

ఇందులో "అనుకుంటున్నాం" అన్న మాట ముఖ్యం. చూసింది చూసినట్టు, ఊహించింది ఊహగా విడిగా రాస్తే మేనేజర్‌కు కొట్టిపారేయడానికి అవకాశం ఉండదు. "ఇద్దరూ ఒకేసారి" అన్నదీ అంతే. డబ్బా నెట్ కంపెనీది, సాకెట్ బిల్డింగ్‌ది. విడివిడిగా వస్తే ఒకరు ఇంకొకరి మీద చెప్పి వెళ్లిపోతారు. ఇద్దరినీ ఒకచోటికి రప్పించగలిగేది మేనేజరే.

సరి అయిందని ఎలా తెలుస్తుంది?

అలాంటి స్విచ్ వాడే కరెంటు చాలా తక్కువ. 600 వీఏ చిన్న యూపీఎస్ చాలు. దాని ఖర్చు ఎవరిది, డబ్బా తాళం ఎవరి దగ్గర ఉంటుంది అన్నవి ఆ రోజే మాట్లాడుకోవాలి. తర్వాత, అంతస్తుల వాళ్లందరికీ ముందే చెప్పి, ఎలక్ట్రీషియన్ చేత మెయిన్ నుంచి జనరేటర్‌కు, తిరిగి మెయిన్‌కు ఒకసారి మార్పించాలి. ఆ సమయంలో ఆఫీసులో ఒకరు నెట్ చూస్తుండాలి. రెండుసార్లూ నెట్ ఆగకపోతే పని అయినట్టు. "చేసేశాం" అన్న మాటతో ఫిర్యాదు మూయకూడదు. యూపీఎస్ బ్యాటరీ కొన్నేళ్లకు బలహీనపడుతుంది. పెట్టిన తేదీ దాని మీదే రాసి ఉంచితే, లోపం మళ్లీ మొదలైనప్పుడు ముందు ఎక్కడ చూడాలో తెలుస్తుంది.

ఒక జాగ్రత్త. లైట్లు ఆరి వెలగడం కాకుండా, కొన్ని మరీ ఎక్కువగా, కొన్ని మరీ మసకగా వెలుగుతున్నా, బోర్డు దగ్గర కాలిన వాసన వచ్చినా అది వేరే సంగతి. న్యూట్రల్ వైరు వదులైతే అలా అవుతుంది. పరికరాలు కాలిపోవచ్చు, మంటలూ రావచ్చు. అప్పుడు నోట్‌బుక్ రాస్తూ కూర్చోకూడదు. ఆఫీసు మెయిన్ స్విచ్ ఆఫ్ చేసి మేనేజర్‌కు వెంటనే ఫోన్ చేయాలి. లోపం బిల్డింగ్ బయటి లైన్‌లో ఉంటే విద్యుత్ శాఖ నంబరు 1912. సెల్లార్ ప్యానెల్‌ను మాత్రం ఎలక్ట్రీషియన్ తప్ప ఎవరూ తెరవకూడదు.