మడత గీతల్లో దాగిన దీర్ఘవృత్తం: నిరూపణకు ముందే సిద్ధాంతాన్ని కనుగొనే పాఠం

ఇంటర్మీడియట్ తరగతుల్లో దీర్ఘవృత్తం పాఠం సాధారణంగా నిర్వచనంతో మొదలవుతుంది. రెండు నాభుల నుంచి దూరాల మొత్తం మారకుండా ఉండే బిందుపథం అని బోర్డు మీద రాస్తారు. ఆ తర్వాత వర్గమూలాలు తొలగించి సమీకరణం రాబడతారు. కొన్ని రోజులకు స్పర్శరేఖ షరతు వస్తుంది. లెక్కలన్నీ సరిగ్గానే ఉంటాయి. కానీ ఆ రెండు దూరాలను కలపాలని ఎవరికైనా ఎందుకు తోచాలి అన్న ప్రశ్నకు మాత్రం ఆ పాఠంలో చోటుండదు.

ఇదే పాఠాన్ని ఒక కాగితం మడతతో మొదలుపెట్టవచ్చు. కాగితం మడిచి జ్యామితి నేర్పడం మన దేశానికి కొత్త కాదు. టి. సుందరరావు ఈ విషయంపై ఇంగ్లిషులో రాసిన పుస్తకం 1893లోనే మద్రాసులో అచ్చయింది. శాంకవాలకు అందులో ఒక అధ్యాయమే ఉంది.

కావలసింది ట్రేసింగ్ పేపరు, వృత్తలేఖిని, స్కేలు. కాగితంపై 10 సెంటీమీటర్ల వ్యాసార్థంతో వృత్తం గీసి, కేంద్రానికి O అని పేరు పెట్టాలి. కేంద్రానికి 6 సెంటీమీటర్ల దూరంలో, వృత్తం లోపల, A అనే బిందువు గుర్తించాలి. ఇప్పుడు వృత్తం మీద ఏదో ఒక బిందువు P తీసుకుని, అది సరిగ్గా A మీద పడేలా కాగితాన్ని మడిచి, గోటితో నొక్కి విప్పాలి. ఒక మడత గీత మిగులుతుంది. P స్థానాన్ని పది డిగ్రీల చొప్పున జరుపుతూ పోతే 36 గీతలు వస్తాయి. సగం పూర్తయ్యేసరికే గీతలేవీ చొరబడని కోడిగుడ్డులాంటి ఖాళీ ఒకటి మధ్యలో తేలుతుంది.

పాఠం చెడిపోయేది ఎక్కువగా ఇక్కడే. పాఠ్యపుస్తకం ముందే తిరగేసిన విద్యార్థి ‘దీర్ఘవృత్తం’ అనేస్తాడు, ఉపాధ్యాయుడు అవునంటాడు, ఇక కనుగొనడానికి ఏమీ మిగలదు. అవునని గాని, కాదని గాని అనకపోవడమే మేలు. చూడటానికి కోలగా ఉన్నంత మాత్రాన అది దీర్ఘవృత్తమే కానక్కరలేదు. కోడిగుడ్డూ కోలగానే ఉంటుంది, దాని ఒక కొస మొనదేలి రెండో కొస బొద్దుగా ఉంటుంది. అందుకే పేరు పక్కన పెట్టి కొలత పని ఇవ్వాలి. ప్రతి విద్యార్థీ తనకు నచ్చిన ఒక మడత గీతను ఎంచుకుని, దాని మీద ఐదారు చోట్ల చుక్కలు పెట్టి, ఒక్కో చుక్క నుంచి Oకి, Aకి ఎంతెంత దూరమో కొలిచి కూడాలి. రెండింటినీ కూడమని చెప్పడం ఒక సూచనే. అది కూడా ఇవ్వకపోతే తరగతి గంట చాలదు.

ఒక గీతను తీసుకుని చూద్దాం. OA రేఖకు లంబంగా, కేంద్రానికి నేరుగా పైన ఉన్న P ఇచ్చిన గీత అది. దాని మీద ఎడమ కొస దగ్గర పెట్టిన ఒక చుక్క వద్ద మొత్తం 12.4 సెంటీమీటర్లు వస్తుంది. కుడివైపు జరిగేకొద్దీ మొత్తం తగ్గి, ఒక చోట 10కి చేరుతుంది. ఆ చుక్క O నుంచి 3.2, A నుంచి 6.8 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది. ఇంకా కుడికి వెళితే 10.8, ఆపైన 11.7, అలా మళ్లీ పెరుగుతుంది. అంటే కనిష్ఠం 10. పక్క విద్యార్థి తీసుకున్నది వేరే గీత, అతని చుక్కల దూరాలన్నీ వేరు. అయినా అతని కనిష్ఠమూ 10 దగ్గరే ఆగుతుంది. తరగతి మొత్తం తమ తమ కనిష్ఠాలను బోర్డు మీద రాస్తే 9.9, 10, 10.1, 10.2 ఇలా కనిపిస్తాయి. ఎవరికైనా 9.5 లాంటిది వస్తే మడత జారిందనో, స్కేలు తప్పు చదివారనో అర్థం. మొత్తం 10 కంటే నిజంగా తగ్గడం సాధ్యం కాదు. ఆ కారణం ఉపాధ్యాయునికి తెలుసు, విద్యార్థికి ఇంకా తెలియదు. కాబట్టి ‘తప్పు’ అనకుండా ఆ గీతను మళ్లీ మడవమంటే సరిపోతుంది.

విద్యార్థులు నిజంగా కనుగొన్నారో, చెప్పినట్టు చేశారో తెలుసుకోవడానికి ఒక తేలికైన దారి ఉంది. కొత్త గీతను కొలిచే ముందు జవాబు ఎంత వస్తుందో రాయమనాలి. సంకోచం లేకుండా 10 అని రాసినవారు నియమాన్ని పట్టుకున్నారు. తర్వాత A స్థానం మార్చి, కొందరికి 3 సెంటీమీటర్ల దూరంలో, కొందరికి 8 సెంటీమీటర్ల దూరంలో పెట్టి ఇదే అడగాలి. కొందరైనా సంఖ్య మారుతుందనే రాస్తారు. కానీ అది మారదు.

ఆ కనిష్ఠం గీత మీద సరిగ్గా ఎక్కడ వస్తుంది? చాలామందికి ముందు తోచే ఊహ PA మధ్యబిందువు. గీత PAకి లంబ సమద్విఖండన రేఖ కాబట్టి ఆ ఊహ సహజమే. కొలిస్తే అది నిలవదు. పై ఉదాహరణలో మొత్తం 11.7 వచ్చిన చుక్కే ఆ మధ్యబిందువు. అయినా ఈ తప్పు ఊహను చెరిపేయకూడదు. అన్ని గీతల మీద ఆ మధ్యబిందువులను గుర్తిస్తే అవి 5 సెంటీమీటర్ల వ్యాసార్థం గల వృత్తం మీద పడతాయి. పుస్తకంలో తర్వాత వచ్చే సహాయక వృత్తం అదే. సరైన జవాబు కోసం OP రేఖను గీసి, అది మడత గీతను ఎక్కడ ఖండిస్తుందో చూడమనాలి.

ఇక్కడి నుంచి ప్రశ్న మారుతుంది. ఇరవై ముప్పై కొలతలు చూశాక ఇది నిజమేనా అన్న అనుమానం విద్యార్థులకు పెద్దగా ఉండదు. ఆ అనుమానం తీర్చడానికే నిరూపణ అంటే వారికి అది అనవసర శ్రమగా తోస్తుంది. దక్షిణాఫ్రికా గణిత విద్యావేత్త మైకేల్ డి విల్లియర్స్ నొక్కి చెప్పింది ఇదే: నిరూపణ చేసే పని నిర్ధారణ ఒక్కటే కాదు, వివరణ కూడా. కాబట్టి అడగవలసింది ‘నిజమేనా’ అని కాదు, ‘పదే ఎందుకు’ అని.

జవాబు మడతలోనే ఉంది. మడత గీత అద్దం లాంటిది, P దానిలో A ప్రతిబింబం. గీత మీద ఏ బిందువు R తీసుకున్నా RA = RP. అప్పుడు OR + RA అంటే OR + RP, అంటే O నుంచి R మీదుగా P దాకా నడిచే దూరం. నేరుగా నడిస్తే ఆ దూరం OP, అది వృత్త వ్యాసార్థం, 10. R అనేది OP మీద ఉన్నప్పుడే నడక నేరుగా ఉంటుంది, మిగతా అన్ని చోట్లా అది ఎక్కువే. కాగితంపై A జరిగినా 10 మారకపోవడానికి కారణం ఇదే. ప్రతి గీత మీద ఒక్క బిందువే దీర్ఘవృత్తం మీద ఉంటుంది, మిగిలినవన్నీ బయటే ఉంటాయి, అందుకే ప్రతి మడత గీతా స్పర్శరేఖ. అద్దం వల్ల కోణాలు సమానం కాబట్టి, ఒక నాభి నుంచి బయలుదేరిన కిరణం పరావర్తనం చెంది రెండో నాభికి చేరుతుందన్న ధర్మం కూడా ఇదే బొమ్మలో దొరుకుతుంది. ఆ తర్వాత దీర్ఘాక్షం పొడవు 10, నాభుల మధ్య దూరం 6 అన్న విలువలతో x²/25 + y²/16 = 1 రాబట్టినప్పుడు ఆ అంకెలు ఎక్కడివో తరగతికి ముందే తెలుసు.

రెండో రోజుకు ఒక్క మార్పు చాలు. Aని వృత్తం బయట, కేంద్రానికి 14 సెంటీమీటర్ల దూరంలో పెట్టాలి. ఈసారి మొత్తాలకు బదులు తేడాలను కొలవాలి. మడత గీత మీద రెండు దూరాల మధ్య తేడా ఎక్కువలో ఎక్కువ 10 దాకా పోతుంది, ఏర్పడే వక్రం అతిపరావలయం. అయితే A నుంచి గీసిన స్పర్శరేఖ వృత్తాన్ని తాకే చోట P ఉంటే, మడత గీత OPకి సమాంతరమైపోతుంది. ఆ గీత మీద తేడా 9.8, 9.9 అంటూ కాగితం అంచు దాకా పెరుగుతూనే ఉంటుంది, 10 మాత్రం ఎక్కడా దొరకదు. అలాంటి గీతలు రెండే ఉంటాయి. వాటికి పుస్తకంలో ఉన్న పేరు అనంత స్పర్శరేఖలు.