క్లాసు అయిపోయింది, రికార్డింగ్ ఏది?

ఆన్‌లైన్ క్లాసు అలా ముగుస్తుందో లేదో, వాట్సాప్ గ్రూపులో ప్రశ్నలు మొదలవుతాయి: ‘సార్, రికార్డింగ్ లింక్ పెడతారా?’ సార్ తన జూమ్ ఖాతా తెరిస్తే అక్కడ వీడియో ఉండదు, Processing Recording అన్న మాట ఉంటుంది. గంట గడిచినా అదే మాట కనిపిస్తే రికార్డింగ్ పోయిందేమోనన్న భయం పట్టుకుంటుంది. చాలాసార్లు ఆ భయానికి కారణమే లేదు.

మీటింగ్ జరుగుతున్నంతసేపు జూమ్ సర్వర్ దగ్గర తయారైన వీడియో అంటూ ఒకటి ఉండదు. మాట్లాడేవారి గొంతు, ముఖం, పంచుకున్న స్క్రీన్ వేటికవే విడిగా వచ్చి చేరుతుంటాయి. వాటిని ఒక చోట అమర్చి చూపించేది మన ఫోనో, ల్యాప్‌టాపో. రికార్డింగ్‌కు ఆ పనిని సర్వరే చేయాలి. ఏ నిమిషంలో ఎవరు మాట్లాడారో, స్లైడ్ ఎప్పుడు మారిందో చూసుకుంటూ అన్నిటినీ కాలక్రమంలో కలిపి, ఏ ఫోన్‌లోనైనా ఆడే ఎంపీ4 ఫైలుగా కుదించాలి. ప్రాసెసింగ్ అంటే ఈ పనే. మీటింగ్ పూర్తయ్యాకే ఇది మొదలవుతుంది.

సెట్టింగుల్లో ఎన్ని రకాలు ఎంచుకుంటే అన్ని ఫైళ్లు తయారవుతాయి. మాట్లాడేవారు మాత్రమే కనిపించేది ఒకటి, అందరి ముఖాలూ గళ్లలో కనిపించేది ఒకటి, ఒట్టి ఆడియో ఇంకొకటి. అవసరం లేనివాటికి టిక్ తీసేస్తే సర్వర్ మీద ఆ పని తగ్గుతుంది, మీ స్టోరేజీ కూడా మిగులుతుంది.

ఎంతసేపు ఆగాలి? జూమ్ చెప్పే మామూలు లెక్క రికార్డయిన సమయానికి రెండింతలు. రద్దీ ఎక్కువగా ఉంటే 24 గంటల దాకా పట్టవచ్చు. ఉదాహరణకు రాత్రి 7 గంటలకు మొదలైన క్లాసు 8:30కి ముగిసిందనుకుందాం. రికార్డయింది గంటన్నర, దానికి రెండింతలు మూడు గంటలు. అంటే లింక్ రాత్రి 11:30 ప్రాంతంలో వస్తుందని ఆశించాలి. అంతకన్నా ముందే వస్తే మంచిదే. రాకపోతే మర్నాడు రాత్రి 8:30 దాకా కంగారుపడనక్కర్లేదు.

ఈ లెక్కలో చాలామంది పొరబడేది మొదలుపెట్టే చోట. పాఠం ఆగిన క్షణం నుంచి కాదు, మీటింగ్ ముగిసిన క్షణం నుంచి లెక్కపెట్టాలి. సార్ Leave నొక్కి, హోస్ట్ బాధ్యత మరొకరికి ఇచ్చి వెళ్లారనుకోండి. పిల్లలు ఇంకో అరగంట కబుర్లు చెప్పుకుంటే ఆ అరగంటా మీటింగ్ నడుస్తున్నట్టే. రికార్డింగ్ ఆపకపోతే ఆ కబుర్లూ అందులో చేరతాయి. End Meeting for All నొక్కితే ఈ చిక్కు ఉండదు. ఆ తర్వాత ల్యాప్‌టాప్ మూసేసినా ఇబ్బంది లేదు, పని జరిగేది సర్వర్‌లో కాబట్టి.

సిద్ధమయ్యాక మెయిల్ వచ్చేది హోస్ట్‌కే. అందులో రెండు లింకులుంటాయి. ఒకటి హోస్ట్ తన ఖాతాలో రికార్డింగ్‌ను చూసుకోవడానికి, రెండోది పదిమందికీ పంపడానికి. గ్రూపులో పెట్టాల్సింది రెండోదే. పాస్‌కోడ్ ఉంటే దాన్నీ కలిపి పెట్టాలి. లింక్ తెరుచుకుని వీడియో ఆడుతున్నా డౌన్‌లోడ్ బటన్ కనిపించకపోతే, అది ప్రాసెసింగ్ లోపం కాదు. చూసేవారు డౌన్‌లోడ్ చేసుకునే అనుమతిని హోస్ట్ ఇవ్వలేదన్నమాట.

వీడియో చక్కగా ఆడుతూనే, పక్కన ట్రాన్స్‌క్రిప్ట్ మాత్రం ఇంకా ప్రాసెసింగ్ అని చూపిస్తుంటుంది ఒక్కోసారి. మాటలను రాతలోకి మార్చడం వేరే పని, దానికి అదనంగా సమయం పడుతుంది. వీడియోను అప్పుడే పంపేయవచ్చు.

గూగుల్ మీట్‌లో దారి వేరు. రికార్డింగ్ మీటింగ్ నిర్వాహకుల డ్రైవ్‌లో Meet Recordings అనే ఫోల్డరులోకి చేరుతుంది, లింక్ మెయిల్‌లో వస్తుంది. ఫైలు అక్కడ కనిపిస్తూ, వీడియో ఇంకా ప్రాసెస్ అవుతోందని చెబితే, అది బ్రౌజర్‌లో ఆడటానికి సిద్ధం కాలేదని అర్థం. తొందరగా కావాలంటే ఫైలును డౌన్‌లోడ్ చేసుకుని చూడవచ్చు.

24 గంటలు దాటినా జూమ్‌లో లింక్ రాకపోతే మొదట స్పామ్ ఫోల్డర్ చూడండి. తర్వాత జూమ్ వెబ్‌సైట్‌లో హోస్ట్ ఖాతాతో లాగిన్ అయి Cloud Recordings చూడండి. మెయిల్ రాకపోయినా వీడియో అక్కడ సిద్ధంగా ఉండవచ్చు. ఆ జాబితాలో అసలు పేరే లేకపోతే, రికార్డింగ్ క్లౌడ్‌లోకి కాక కంప్యూటర్‌లోకి వెళ్లిందేమో చూడాలి. అలా వెళ్తే మీటింగ్ ముగియగానే ఆ కంప్యూటరే ఫైలును మారుస్తుంది. అది పూర్తయ్యేదాకా దాన్ని ఆపకూడదు, లింక్ కోసం ఎదురుచూసినా రాదు. పేరు జాబితాలో ఉండి, ఇంకా ప్రాసెసింగ్ అనే చూపిస్తుంటే మాత్రం మీటింగ్ ఐడీ, తేదీ, సమయం రాసి జూమ్ సహాయ విభాగానికి పంపాలి.

రాత్రి క్లాసు చెప్పేవారు ముగించే ముందే ‘లింక్ రేపు పొద్దున పెడతాను’ అని చెప్పేస్తే, గ్రూపులో ఎవరూ నిద్ర మానుకుని ఎదురుచూడరు.