మూడు గుర్రాలు, ఒకే లాభం

ఇంగ్లండ్‌లోని చెస్టర్ రేస్‌కోర్సులో 8 గుర్రాలు పరుగెత్తే రేసు ఒకటి ఉందనుకుందాం. ఫేవరెట్ ధర 2/1. అది గెలవదని మీకు గట్టి నమ్మకం. గెలిచే సత్తా మాత్రం మరో మూడింటికి ఉందనిపిస్తోంది, వాటిలో ఏదో తేల్చుకోలేకపోతున్నారు. ఆ మూడింటి మీదా పందెం కాసి, ఏది గెలిచినా ఒకే లాభం వచ్చేలా డబ్బు పంచడాన్ని డచ్చింగ్ అంటారు. 1930లలో న్యూయార్క్‌ను హడలెత్తించిన గ్యాంగ్‌స్టర్ డచ్ షుల్ట్జ్ పేరు మీదుగా ఈ మాట వచ్చిందని పందెగాళ్ల నోట వినిపిస్తుంది.

లెక్క చాలా తేలిక. మన మూడు గుర్రాల ధరలు 3/1, 5/1, 11/1 అనుకోండి. 3/1 అంటే పౌండు పెడితే మూడు పౌండ్ల లాభం, పెట్టిన పౌండుతో కలిపి చేతికొచ్చేది నాలుగు. అలాగే 5/1కి ఆరు, 11/1కి పన్నెండు. ముందుగా ఏ గుర్రం గెలిచినా చేతికి ఎంత రావాలో నిర్ణయించుకోవాలి. 120 పౌండ్లు రావాలనుకుంటే ఆ 120ని నాలుగుతో, ఆరుతో, పన్నెండుతో విడివిడిగా భాగిస్తే చాలు. మొదటి గుర్రం మీద 30, రెండోదాని మీద 20, మూడోదాని మీద 10. పెట్టింది మొత్తం 60. మూడింటిలో ఏది గెలిచినా వచ్చేది 120, నికర లాభం 60. మూడూ ఓడితే 60 పౌండ్లూ పోతాయి. అంటే మూడు గుర్రాలను కలిపి ఒకే గుర్రంగా చేసి, దాని మీద పౌండుకు పౌండు లాభమిచ్చే ధరకు పందెం కాసినట్టే.

నాలుగో గుర్రాన్ని కూడా కలుపుకుంటే ఇంకా భద్రం కదా అనిపిస్తుంది. దాని ధర 7/1 అయితే 15 పౌండ్లు పెట్టాలి. అప్పుడు మొత్తం ఖర్చు 75, లాభం 45కి దిగుతుంది. చేర్చిన ప్రతి గుర్రానికీ అయ్యే ఖర్చు మిగతావాటి లాభంలోంచే వస్తుంది.

ఈ సమానత్వమంతా పందెం వేసేటప్పుడే ధర ఖాయం కావడం మీద ఆధారపడి ఉంది. హైదరాబాద్ మలక్‌పేట రేసుల్లో టోట్ కిటికీ దగ్గర టికెట్టు కొనేవారికి ఆ ఖాయం ఉండదు. అక్కడ అందరి డబ్బూ ఒకచోట చేరాక, కోతలు పోను మిగిలింది గెలిచిన టికెట్ల మీద పంచుతారు. ఎంతొస్తుందో రేసు అయ్యాకే తెలుస్తుంది కాబట్టి ముందుగా వేసిన వాటాలు చివర్లో సమానంగా రావు. ధర ఖాయంగా ఇచ్చే బుకీల దగ్గర కూడా మొదటి పందెం వేసి రెండోదానికి వెళ్లేలోపు ధర మారిపోవచ్చు. అప్పుడు పాత లెక్కనే పట్టుకుని వేలాడకుండా, కొత్త ధరతో 120ని మళ్లీ భాగించుకోవాలి.

ధర ఖాయమైనా మరో చోట దెబ్బ తగలవచ్చు. పందేలు వేశాక ఆ 2/1 ఫేవరెట్ కుంటుతోందని రేసు నుంచి తప్పించారనుకోండి. దాని మీద మనం పైసా పెట్టలేదు. మనం వద్దనుకున్న గుర్రమే తప్పుకుంది కాబట్టి మంచిదే అనిపిస్తుంది. కానీ బ్రిటన్ పందేల్లో రూల్ 4 అని ఒక నిబంధన ఉంది. గట్టి పోటీదారు తప్పుకుంటే మిగిలిన గుర్రాల గెలుపు సులువవుతుంది కాబట్టి, గెలిచిన లాభంలో కొంత కోత వేస్తారు. తప్పుకున్న గుర్రం ధర 2/1 అయితే కోత పౌండుకు 30 పెన్నీలు. ఈ కోత లాభానికే, పెట్టిన సొమ్ము జోలికి రాదు. మన సమానత్వం చెదిరేది ఇక్కడే. మొదటి గుర్రం గెలిస్తే దాని మీది 90 పౌండ్ల లాభం 63 అవుతుంది, మిగతా రెండు పందేల నష్టం 30 పోను మిగిలేది 33. రెండోది గెలిస్తే 30, మూడోది గెలిస్తే 27. అరవై వస్తుందనుకున్నచోట సగానికి అటూ ఇటూ మిగులుతుంది, అదీ మూడు రకాలుగా.

రెండు గుర్రాలు గీతను ఒకేసారి దాటితే ఏమవుతుందో కూడా చూడాలి. దీన్ని డెడ్ హీట్ అంటారు. అప్పుడు పందెంలో సగానికే పూర్తి ధర కట్టిస్తారు. ఆ రెండూ మనవే అయితే రెండింటి నుంచీ అరవై అరవై వచ్చి 120 దక్కుతుంది, లెక్క చెదరదు. ఒకటి మనది, మరొకటి బయటిదైతే వచ్చేది 60 మాత్రమే. పెట్టింది పెట్టినట్టు తిరిగొస్తుంది, లాభం ఉండదు.

ఇవన్నీ అరుదుగా జరిగేవి. ప్రతి రేసులోనూ ఉండే అసలు చిక్కు వేరే ఉంది, దాని గురించి చెప్పేవాళ్లు తక్కువ. మిగిలిన మూడు గుర్రాల ధరలు 11/1, 14/1, 14/1 అనుకుని, ఎనిమిదింటి మీదా డచ్చింగ్ చేసి చూడండి. ఏది గెలిచినా 120 రావాలంటే వరసగా 40, 30, 20, 15, 10, 10, 8, 8. కూడితే 141. తప్పకుండా గెలుస్తాం, తప్పకుండా 21 పౌండ్లు పోగొట్టుకుంటాం. ఆ 21 బుకీ ప్రతి ధరలోనూ కాస్త కాస్తగా కలిపి పెట్టుకున్న మార్జిన్.

మన మూడు గుర్రాల ఖర్చు ఆ 141లో 60. మార్జిన్ అన్ని గుర్రాల మీదా సమానంగా పడిందనుకుంటే, ఈ మూడింటిలో ఒకటి గెలిచే అవకాశం బుకీ దృష్టిలో నూటికి 43 దగ్గర. కానీ 60 పెట్టి 60 సంపాదించే పందెం నష్టం లేకుండా గట్టెక్కాలంటే నూటికి 50 సార్లు గెలవాలి. బుకీ అంచనాయే నిజమైతే ఇలాంటి నూరు రేసుల్లో 43 గెలిచి 2580 పౌండ్లు సంపాదిస్తాం, 57 ఓడి 3420 పోగొట్టుకుంటాం. తేడా 840. డచ్చింగ్‌తో తరచుగా గెలుస్తాం, అంతే. బుకీ మార్జిన్ ఎక్కడికీ పోదు.

మరి గిట్టుబాటు అయ్యేది ఎప్పుడు? ఫేవరెట్ గురించి మనకున్న అనుమానం నిజమైతే. చెస్టర్ ట్రాక్ చిన్నది, మలుపులు ఎక్కువ. తక్కువ దూరపు రేసుల్లో లోపలి కంచెకు దగ్గరగా స్థానం దొరికిన గుర్రానికి అనుకూలం, బయటి అంచున నిలబడ్డదానికి కష్టం. మన ఫేవరెట్‌కు ఆ బయటి స్థానమే పడిందనుకుందాం. బుకీ లెక్కలో దాని గెలుపు అవకాశం నూటికి 28. మన లెక్కలో 15 మాత్రమే, అంటే దాదాపు సగం. ఆ తేడాను మిగిలిన ఏడింటికీ వాటి వాటి అవకాశాల ప్రకారం పంచితే మన మూడింటి అవకాశం 43 నుంచి 50.5కి చేరుతుంది. ఫేవరెట్ అవకాశాన్ని ఇంతగా తగ్గించి చూసినా అర శాతమే మిగిలింది. పైగా స్థానాల సంగతి బుకీకీ తెలుసు, ధర కట్టేటప్పుడే దాన్ని లెక్కలోకి తీసుకుని ఉంటాడు.

కాబట్టి మరో గుర్రాన్ని వెతికేకంటే మెరుగైన ధరను వెతకడం మేలు. మొదటి గుర్రానికి పక్క బుకీ 3/1 బదులు 7/2 ఇస్తున్నాడనుకోండి. పౌండుకు చేతికొచ్చేది నాలుగున్నర, అందువల్ల 30 బదులు 26 పౌండ్ల 67 పెన్నీలు పెడితే అదే 120 వస్తుంది. మొత్తం ఖర్చు 56 పౌండ్ల 67 పెన్నీలకు తగ్గుతుంది, నష్టం లేకుండా ఉండాలంటే నూటికి 47.2 సార్లు గెలిస్తే చాలు. ఒక్క గుర్రం ధరలో ఆ చిన్న మార్పుతోనే 50 గీత దాదాపు మూడు మెట్లు కిందికి దిగింది.