కిటికీ వైపు తిరిగిన కుడి చెవి

మా అమ్మాయి మూడో తరగతిలో ఉండగా డిక్టేషన్‌లో ‘కోట’ అని చెబితే ‘తోట’ అని రాసింది. ‘పాలు’ చెబితే ‘కాలు’ అని రాసింది. దీర్ఘాలు, కొమ్ములు అన్నీ సరిగ్గానే ఉన్నాయి. తప్పల్లా మొదటి హల్లులోనే. టీచర్ ఎర్ర సిరాతో ‘శ్రద్ధ లేదు’ అని రాసి పంపితే ఇంట్లో నేనూ కోప్పడ్డాను. ఆ తప్పులన్నీ ఒకే రకంగా ఉన్నాయన్న సంగతి అప్పటికి నాకు తట్టలేదు.

కొన్నాళ్లకు ఈఎన్‌టి డాక్టర్ చూసి, గులిమి లేదు, కర్ణభేరి వెనక నీరు చేరలేదు అని చెప్పి ఆడియాలజిస్ట్ దగ్గరకు పంపారు. ఆడియోగ్రామ్ కాగితం మీద ఎర్ర సున్నాలు కుడి చెవివి, నీలం ఇంటూ గుర్తులు ఎడమ చెవివి. సగటున కుడి చెవికి 28 డెసిబెల్స్, ఎడమ చెవికి 38. సాధారణంగా 26 నుంచి 40 దాకా ఉంటే స్వల్ప లోపం అంటారట. లోపలి చెవిది కాబట్టి మందులతో పోదన్నారు. ‘స్వల్పం’ అన్న మాట పట్టుకుని నేను ఊపిరి పీల్చుకున్నాను. ఆడియాలజిస్ట్ మాత్రం గీత కుడివైపుకు వెళ్లేకొద్దీ కిందకు జారడం చూపించారు. అంటే సన్నని ధ్వనులు ఇంకా తక్కువగా వినిపిస్తాయి. మాటలో అచ్చులు బలంగా, లావుగా ఉంటాయి. క, త, ప, స లాంటి హల్లులు సన్నగా, బలహీనంగా ఉంటాయి. మా అమ్మాయికి ‘ఓట’ వినబడుతుంది. ముందున్నది ‘క’నా ‘త’నా అన్నది తనే ఊహించుకోవాలి. పక్కన కూర్చుని మాట్లాడితే ఊహించాల్సిన పని అంతగా ఉండదు. అందుకే ఇంట్లో మాకు ఏ లోటూ కనిపించలేదు.

వినికిడి యంత్రం పెట్టి చూసే లోపు బడికి ఉత్తరం రాయమన్నారు. నాలుగు వాక్యాలు రాశాను: పాపకు చెవులు కొంచెం సరిగా వినబడవు, దయచేసి ముందు బెంచీలో కూర్చోబెట్టండి. టీచర్ గారు వెంటనే ముందు బెంచీకి మార్చారు కూడా. నెల గడిచినా డిక్టేషన్ మారలేదు. ఒక శనివారం తరగతి గది చూపించమని అడిగి వెళ్లాను. ముందు బెంచీలో కుడి చివర, రోడ్డు వైపు కిటికీ పక్కన తన చోటు. బాగా వినే కుడి చెవి ఆటోల హారన్ల వైపుకు, బలహీనమైన ఎడమ చెవి టీచర్ వైపుకు. నెత్తిమీద ఫ్యాను. టీచర్ గారి బల్ల ఏమో ఎడమ మూల. ఆవిడ తప్పేమీ లేదు. నేను అడిగింది ముందు బెంచీ, ఆవిడ ఇచ్చిందీ అదే.

ఇందులో లెక్క ఏమిటంటే, మనిషి మామూలుగా మాట్లాడితే మీటరు దూరంలో సుమారు 60 డెసిబెల్స్ వినబడుతుంది. దూరం రెట్టింపైన ప్రతిసారీ అందులో 6 తగ్గుతుంది. రెండు మీటర్ల దగ్గర 54, నాలుగు మీటర్ల దగ్గర 48. గోడల మీద నుంచి తిరిగొచ్చే ప్రతిధ్వని కొంత చప్పుడును కలుపుతుంది గానీ హల్లులను చెరిపేస్తుంది. మరోవైపు పిల్లల గుసగుసలు, ఫ్యాను, రోడ్డు. చుట్టూ ఉన్న చప్పుడు కంటే టీచర్ గొంతు 15 డెసిబెల్స్ ఎక్కువగా ఉంటే పిల్లలకు మాట స్పష్టంగా అందుతుందని ఈ రంగంలోని వాళ్లు చెబుతారు. పెద్దవాళ్లం సగం మాట విని మిగతాది భాష తెలిసిన బలంతో పూరించుకుంటాం. భాష ఇంకా నేర్చుకుంటున్న పిల్లలకు ఆ బలం ఉండదు.

రెండో ఉత్తరం ఇలా రాశాను:

“టీచర్ గారికి నమస్కారం. మా అమ్మాయికి రెండు చెవుల్లోనూ స్వల్ప వినికిడి లోపం ఉందని పరీక్షలో తేలింది. కుడి చెవి కాస్త నయం. దగ్గరగా, నిశ్శబ్దంగా ఉన్నచోట మాట బాగానే వింటుంది. దూరం నుంచి, చప్పుడులో విన్నప్పుడు అచ్చులు అందుతాయి, హల్లులు జారిపోతాయి. అందుకే కోటను తోట అని రాస్తోంది.

రెండో వరసలో, బోర్డు వైపు చూస్తే ఎడమ పక్కన గోడ దగ్గర కూర్చోబెట్టగలరా? అప్పుడు కుడి చెవి మీ వైపు, తరగతి వైపు ఉంటుంది, కిటికీ దూరమవుతుంది. వారం వారం బెంచీలు మార్చేటప్పుడు తనను ఆ చుట్టుపక్కలే ఉంచమని మనవి. బోర్డు మీద రాస్తూ చెప్పిన మాట తనకు అందకపోవచ్చు; రాయడం అయ్యాక ఇటు తిరిగి ఒకసారి చెబితే చాలు. గట్టిగా అరవనక్కర్లేదు.

‘అర్థమైందా?’ అంటే ఎప్పుడూ అర్థమైందనే అంటుంది. ‘ఏ పేజీ తియ్యమన్నాను?’ అని అడిగితే విన్నదీ లేనిదీ మీకే తెలుస్తుంది. జలుబు చేసిన రోజుల్లో ఇంకా తగ్గుతుంది. ఈ విషయం తరగతిలో అందరి ముందూ ప్రస్తావించవద్దని కోరుతున్నాను.”

మొదటి వరస కాకుండా రెండోది ఎందుకు అడిగానో టీచర్ గారు ఫోన్ చేసి మరీ కనుక్కున్నారు. మొదటి వరసలో వాళ్లకు వెనక నుంచి జవాబు చెప్పే పిల్లల ముఖాలు కనబడవు. రెండో వరసలో గోడ దగ్గర కూర్చుంటే కొద్దిగా తల తిప్పితే గదంతా కనబడుతుంది. పెదాల కదలికలో ‘ప’ కంటికి దొరుకుతుంది. ‘క’, ‘త’ల తేడా మాత్రం పెదాల మీద కనబడదు, దాన్ని చెవే పట్టుకోవాలి. టీచర్ కిటికీకి వీపు పెట్టి నిలబడితే ముఖం చీకటిగా ఉండి ఆ కాస్త సాయమూ పోతుంది. ఈ ముక్క ఉత్తరంలో రాయడం మరిచిపోయి ఫోన్‌లో చెప్పాను.

సర్టిఫికెట్ ఏమైనా ఉందా అని ఆఫీసు వాళ్లు అడిగారు. లేదు, రాదు కూడా. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం లెక్కలో వినికిడి లోపం రెండు చెవుల్లోనూ 60 డెసిబెల్స్ దగ్గర మొదలవుతుంది. 28, 38 ఉన్న పిల్లలు ఆ గీతకు చాలా ఇవతల ఉంటారు. వాళ్ల పేరు ఏ జాబితాలోనూ ఉండదు. వాళ్లకున్నది ఇలాంటి ఉత్తరమే. అందుకే అందులో జబ్బు పేరు కంటే గది కొలతలు ఎక్కువగా ఉండాలని నాకు గట్టిగా అనిపిస్తుంది.

చోటు మారాక డిక్టేషన్‌లో తప్పులు తగ్గాయి, పూర్తిగా పోలేదు. పక్కవాళ్ల పుస్తకంలోకి తొంగి చూశాక గానీ పని మొదలుపెట్టని అలవాటు ముందు పోయింది. సాయంత్రాలు వచ్చీ రాగానే పడుకునేది, అదీ తగ్గింది. రోజంతా ఊహించుకుంటూ వినడం ఎంత అలసటో అప్పుడు తెలిసింది. ఆటల పీరియడ్ మాత్రం అలాగే ఉండిపోయింది. ఆరుబయట వెనక నుంచి పిలిస్తే తనకు వినబడదు, ‘పిలిస్తే పలకదు’ అని తోటిపిల్లలు అలుగుతారు. దానికి బెంచీ మార్పు పనికిరాదు. భుజం తట్టి పిలవమని ఇద్దరు స్నేహితురాళ్లకు తనే చెప్పుకుంది.

జూన్‌లో నాలుగో తరగతికి కొత్త టీచర్ వచ్చారు. పాత ఉత్తరం తేదీ మార్చి ఇచ్చేద్దామనుకున్నాను. మా అమ్మాయి చదివి, “అమ్మా, ఈ గదిలో కిటికీ అటు లేదు, ఎడమ పక్కనే ఉంది” అంది. గోడ దగ్గర కూర్చుంటే కుడి చెవి తరగతి వైపే ఉంటుంది గానీ రోడ్డు చప్పుడు వీపు పక్క నుంచే వస్తుంది. ఇద్దరం కాగితం మీద గది బొమ్మ గీసుకుని, మధ్య బారులో రెండో బెంచీ ఎడమ చివర అని రాశాం.