చల్లారిన అన్నంలో మూడు గ్రాములు

రాత్రి వండిన అన్నాన్ని ఫ్రిజ్‌లో పెట్టి, మర్నాడు వేడి చేసుకుని తింటే అందులోని పిండిలో కొంత చిన్నపేగులో అరగకుండా పెద్దపేగుకు చేరుతుంది. షుగర్ ఉన్నవాళ్ల ఇళ్లలో ఈ మాట ఇప్పుడు బాగా వినిపిస్తోంది. మాట నిజమే. కానీ ఆ ‘కొంత’ ఎంత, అది అన్నంలో ఎలా పుడుతుంది, పెద్దపేగులో దాన్ని అందుకునేదెవరు అన్నవి తెలిస్తేనే దాని విలువ తేలుతుంది.

బియ్యపు గింజలో ఉన్నది ప్రధానంగా రెండు రకాల పిండి. ఒకటి ఎమైలోజ్: గ్లూకోజ్ అణువులు వరసగా చేరిన సన్నటి, పొడవాటి గొలుసు. రెండోది ఎమైలోపెక్టిన్: అవే గ్లూకోజ్ అణువులు కొమ్మలుగా చీలిన గుబురు. పచ్చి గింజలో ఇవి బిగుతుగా సర్దుకుని ఉంటాయి. ఎసట్లో వేడి 70 డిగ్రీల చుట్టుపక్కలకు చేరేసరికి ఆ అమరిక కరిగిపోతుంది. గింజ నీళ్లు పీల్చి ఉబ్బుతుంది, ఎమైలోజ్‌లో కొంత బయటకు కారుతుంది. వార్చిన గంజి చల్లారాక చిక్కబడి పైన పొర కట్టేది దానివల్లే. వేడివేడి అన్నంలో పిండి పూర్తిగా విచ్చుకుని ఉంటుంది కాబట్టి, పాంక్రియాస్ నుంచి వచ్చే ఎంజైము దాన్ని ఇట్టే తెగ్గొట్టేస్తుంది, ఆ ముక్కలు త్వరగా గ్లూకోజ్ అయిపోతాయి.

అన్నం చల్లారుతుంటే విడిపోయిన గొలుసులు మళ్లీ దగ్గరవుతాయి. ముందుగా కదిలేది ఎమైలోజ్. కొన్ని గంటల్లోనే దాని గొలుసులు రెండేసి పోగులు పురిపెట్టిన తాడులా పెనవేసుకుని, ఆ పెనలు ఒకదాని పక్కన ఒకటి గట్టిగా ఒత్తుకుంటాయి. ఎంజైముకు అక్కడ చొరబడే సందు దొరకదు. 1980ల్లో కేంబ్రిడ్జ్‌లో హాన్స్ ఇంగ్లిస్ట్ బృందం ఆహారంలోని పీచును కొలుస్తుంటే, ఎంజైములకు లొంగని ఈ పిండి వాళ్ల లెక్కల్లో అడ్డుపడింది. దానికే రెసిస్టెంట్ స్టార్చ్ అని పేరు పెట్టారు.

ఎమైలోపెక్టిన్ కూడా బిగుసుకుంటుంది గానీ నెమ్మదిగా, రోజుల తరబడి. ఫ్రిజ్‌లోని అన్నం పలుకులు పలుకులుగా గట్టిపడేది ఎక్కువగా దీనివల్లే. ఈ బిగువు 60 డిగ్రీలకే సడలిపోతుంది, అందుకే వేడి చేయగానే అన్నం మళ్లీ మెత్తబడుతుంది. ఎమైలోజ్ పెనలు విడాలంటే మాత్రం వేడి 120 డిగ్రీలు దాటాలి. పోపు పెట్టి అటూఇటూ తిప్పినా, మైక్రోవేవ్‌లో పెట్టినా అన్నం అంత వేడెక్కదు. కాబట్టి అన్నం మెత్తబడిందంటే ఫలితం పోయినట్టు కాదు. గట్టిగా ఉన్నంత మాత్రాన ఎక్కువ ఉన్నట్టూ కాదు. చేతికి, నాలుకకు తెలిసే గట్టిదనం ఒకటి, పేగులో అరగకుండా నిలిచేది మరొకటి.

అందుకే ఏ బియ్యం అన్నది ముఖ్యం. మనం బీపీటీ అని పిలుచుకునే బాపట్ల సాంబ మసూరిలో పిండిలో దాదాపు పావు వంతు ఎమైలోజే. అస్సాం బోరా బియ్యం వంటి జిగురు రకాల్లో అది లేనట్టే లెక్క. ఆ అన్నాన్ని ఎంతసేపు చల్లబెట్టినా పెద్దగా ఒరిగేది లేదు.

ఇక లెక్కకు వద్దాం. ఇండోనేసియా పరిశోధకులు 2015లో తెల్లన్నం మీద చేసిన కొలతల్లో, అప్పుడే వండిన అన్నంలో 100 గ్రాములకు 0.64 గ్రాముల రెసిస్టెంట్ స్టార్చ్ ఉంది. 24 గంటలు ఫ్రిజ్‌లో 4 డిగ్రీల దగ్గర ఉంచి మళ్లీ వేడి చేస్తే 1.65 గ్రాములైంది. రెండున్నర రెట్లు! వినడానికి చాలానే. కంచంలో పెట్టి చూద్దాం. ఒక పూట 300 గ్రాముల అన్నం తింటే వేడన్నంలో సుమారు 2 గ్రాములు, ఫ్రిజ్ అన్నంలో 5 గ్రాములు. తేడా మూడు గ్రాములు. అదే కంచంలో మొత్తం పిండి 80 గ్రాముల పైమాటే. మిగిలినదంతా మామూలుగానే గ్లూకోజ్ అవుతుంది.

అయినా అదే అధ్యయనంలో 15 మంది ఆరోగ్యవంతులకు ఈ అన్నం పెట్టి చూస్తే, రక్తంలో గ్లూకోజ్ పెరుగుదల మొత్తమ్మీద 18 శాతం దాకా తగ్గింది. మూడు గ్రాములే అంత పని చేయలేవు. పూర్తిగా అరగకుండా పోయే పిండితో పాటు, అరిగినా నిదానంగా అరిగే పిండి కూడా పెరుగుతుందని అనుకోవాలి. ఆరోగ్యవంతుల్లో ఒక్క పూట చూసిన ఫలితమిది. దీన్ని నమ్మి కొలత మించి అన్నం వడ్డించుకోవడం, మందు తగ్గించుకోవడం ప్రమాదం.

బంగాళాదుంపదీ ఇదే కథ. అమెరికాలో కొలిచినప్పుడు వేడి దుంపలో 100 గ్రాములకు 3.1, చల్లబెట్టినదాంట్లో 4.3, మళ్లీ వేడి చేసినదాంట్లో 3.5 గ్రాములు తేలింది. ఉడికించినదానికంటే ఓవెన్‌లో కాల్చినదాంట్లో ఎక్కువ.

చల్లబెట్టడంలో ఒక జాగ్రత్త మరవకూడదు. బియ్యంలో ఉండే బాసిల్లస్ సెరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు ఉడికినా చావవు. అన్నం గంటల తరబడి బయటే ఉంటే అవి మొలకెత్తి విషాన్ని తయారు చేస్తాయి. ఆ విషం మళ్లీ వేడి చేసినా పోదు. తిన్న కొద్ది గంటల్లోనే వాంతులు మొదలవుతాయి. చద్దన్నంలో పులిసిన మజ్జిగ పులుపు ఆ బ్యాక్టీరియాకు అడ్డుపడుతుంది, ఉత్త అన్నానికి ఆ రక్షణ లేదు. వండిన అన్నాన్ని వెడల్పాటి పళ్లెంలో పల్చగా పరిచి, ఆవిరి పోగానే మూతపెట్టి ఫ్రిజ్‌లో పెట్టాలి. మర్నాడే తినెయ్యాలి.

ఆ మూడు గ్రాములు పెద్దపేగుకు చేరాక పని మొదలుపెట్టేది రూమినోకాకస్ బ్రోమీ అనే బ్యాక్టీరియా. బిగుసుకున్న పిండిని తెంచే ఎంజైములను గుంపుగా తన ఒంటి మీదే అమర్చుకుని ఉంటుందది. అది తెంచిన ముక్కలను పక్కనున్న ఇతర బ్యాక్టీరియాలు అందుకుని పులియబెడతాయి. ఆ క్రమంలో పుట్టేవే ఎసిటేట్, ప్రోపియోనేట్, బ్యూటిరేట్ అనే ఆమ్లాలు. వీటిలో బ్యూటిరేట్‌కు ప్రత్యేక స్థానం ఉంది. పెద్దపేగు లోపలి పొర కణాలు తమ శక్తిలో ఎక్కువ భాగం రక్తంలోని గ్లూకోజ్ నుంచి కాక దీని నుంచే తీసుకుంటాయి. దాన్ని మండించడానికి ఆక్సిజన్‌ను వాడేసుకుంటాయి కాబట్టి పేగు లోపలికి ఆక్సిజన్ చేరదు. గాలి పనికిరాని మేలు బ్యాక్టీరియాలకు కావలసింది సరిగ్గా అదే.

అయితే ఇది అందరిలో ఒకేలా జరగదు. స్కాట్లండ్‌లోని ఆబర్డీన్‌లో 14 మంది స్థూలకాయులైన పురుషులకు రెసిస్టెంట్ స్టార్చ్ పెట్టి మలాన్ని పరీక్షించారు. చాలామందిలో అది దాదాపు పూర్తిగా పులిసిపోయింది. ఇద్దరిలో మాత్రం 60 శాతానికి పైగా అలాగే బయటకు వచ్చేసింది. ఆ ఇద్దరి పేగుల్లో రూమినోకాకస్ చాలా తక్కువ. ఒకే అన్నం తిన్నా ఒకరికి దక్కినంత బ్యూటిరేట్ మరొకరికి దక్కకపోవచ్చన్నమాట.

బ్యూటిరేట్ గురించి తెలిశాక పెద్దపేగు క్యాన్సర్ మీద ఆశలు పెరిగాయి. వాటిని పరీక్షించడానికి న్యూకాజిల్‌కు చెందిన జాన్ బర్న్ బృందం, వంశపారంపర్యంగా క్యాన్సర్ ముప్పున్న లించ్ సిండ్రోమ్ వాళ్లలో 463 మందికి రోజుకు 30 గ్రాముల రెసిస్టెంట్ స్టార్చ్ పొడిని సగటున రెండేళ్లకు పైగా ఇచ్చింది. ఏళ్ల తరబడి గమనించి 2022లో ఫలితం ప్రకటించింది. పెద్దపేగు క్యాన్సర్ తగ్గలేదు. తగ్గింది ఇతర అవయవాల క్యాన్సర్లు: పొడి తీసుకున్నవాళ్లలో 27 మందికి, దాదాపు అంతే ఉన్న రెండో గుంపులో 48 మందికి వచ్చాయి. పైజీర్ణకోశ క్యాన్సర్లలో తేడా మరీ స్పష్టం. మేలు ఎక్కడ జరుగుతుందని ఎదురుచూశారో అక్కడ కాకుండా మరోచోట కనిపించింది.

ఆ 30 గ్రాములు ఫ్రిజ్ అన్నంతోనే రావాలంటే రోజుకు దాదాపు రెండు కిలోలు తినాలి. అది కుదిరే పని కాదు కాబట్టి, అదే కంచంలో అన్నం కాస్త తగ్గించి శనగలు, బొబ్బర్లు, పప్పు పెంచుకోవడం దగ్గర దారి. వాటి పిండిలో ఎమైలోజ్ ఎక్కువ, పైగా కొంత పిండి గింజ కణాల గోడల మధ్య చిక్కుకుని ఉడికాక కూడా ఎంజైములకు అందదు. పెంచేటప్పుడు కొద్దికొద్దిగా పెంచాలి. అలవాటు లేని పేగులో ఈ పులియడం మొదట గ్యాస్‌గా, కడుపుబ్బరంగా తెలుస్తుంది.