మంగళవారం పుట్టిన అబ్బాయి లెక్క

2010లో అమెరికాలోని అట్లాంటాలో పజిళ్ల ప్రియులంతా ఒకచోట చేరారు. మార్టిన్ గార్డ్‌నర్ అనే గణిత రచయిత పేరు మీద జరిగే సభ అది. గ్యారీ ఫోషీ అనే పజిళ్ల రూపకర్త వేదిక ఎక్కి మూడు ముక్కలు చెప్పాడు. తనకు ఇద్దరు పిల్లలు. వారిలో ఒకరు మంగళవారం పుట్టిన అబ్బాయి. మరి ఇద్దరూ అబ్బాయిలే అయ్యే సంభావ్యత ఎంత?

రెండో బిడ్డ అబ్బాయైనా కావచ్చు, అమ్మాయైనా కావచ్చు, కాబట్టి సగం సగం అనేస్తాం మనలో చాలామందిమి. ఫోషీ జవాబు 13/27. అది సగం కాదు, సగానికి ఒక్క పిసరు తక్కువ. మంగళవారం పుడితే ఏమిటి, శనివారం పుడితే ఏమిటి, అవతలి బిడ్డతో ఆ వారానికేం పని? ఈ చిక్కు విప్పాలంటే ముందు దీనికి తాతలాంటి పాత లెక్క దగ్గరికి వెళ్లాలి.

ఆ పాత లెక్కను 1959లో సైంటిఫిక్ అమెరికన్ పత్రికలో ప్రచారంలోకి తెచ్చింది గార్డ్‌నరే. అందులో రెండు ప్రశ్నలున్నాయి. జోన్స్ గారికి ఇద్దరు పిల్లలు, పెద్దది అమ్మాయి; ఇద్దరూ అమ్మాయిలే అయ్యే సంభావ్యత ఎంత? స్మిత్ గారికీ ఇద్దరు పిల్లలు, వారిలో కనీసం ఒకరు అబ్బాయి. ఇద్దరూ అబ్బాయిలే అయ్యే సంభావ్యత ఎంత? మొదటిదానికి జవాబు సగం, రెండోదానికి మూడో వంతు అన్నాడు గార్డ్‌నర్.

ఎలాగో చూద్దాం. ఒక ఊళ్లో సరిగ్గా ఇద్దరేసి పిల్లలున్న కుటుంబాలు 400 ఉన్నాయనుకోండి. నిజానికి లోకంలో ప్రతి 100 మంది ఆడపిల్లలకు దాదాపు 105 మంది మగపిల్లలు పుడతారు. ఒకేలా ఉండే కవలల సంగతీ ఉంది. వాటిని పక్కన పెట్టి, ఆడా మగా సమానంగా పుడతారనీ, ఒక కాన్పుతో మరో కాన్పుకు సంబంధం లేదనీ అనుకుందాం. అప్పుడు ఇద్దరూ అబ్బాయిలున్న ఇళ్లు 100, ఇద్దరూ అమ్మాయిలున్న ఇళ్లు 100, పెద్ద అబ్బాయి చిన్న అమ్మాయి ఉన్నవి 100, పెద్ద అమ్మాయి చిన్న అబ్బాయి ఉన్నవి 100. అంటే ఒక అబ్బాయి, ఒక అమ్మాయి ఉన్న ఇళ్లు మొత్తం 200. ఈ 200 అనే అంకెను మర్చిపోతేనే చాలామంది దారి తప్పుతారు.

పెద్దవాడు అబ్బాయి అంటే 200 ఇళ్లు మిగులుతాయి. వాటిలో 100 ఇళ్లలో చిన్నవాడూ అబ్బాయే. జవాబు సగం, ఇక్కడ పేచీ లేదు. కనీసం ఒకరు అబ్బాయి అంటే ఇద్దరూ అమ్మాయిలున్న 100 ఇళ్లే పోతాయి, 300 మిగులుతాయి. వాటిలో ఇద్దరూ అబ్బాయిలున్నవి 100. జవాబు మూడో వంతు.

ఈ మూడో వంతు కాగితం మీది మాయ కాదు. 1990లలో అమెరికాలో పరేడ్ పత్రికలో మారిలిన్ వోస్ సావంట్ ఈ లెక్క మీద రాసినప్పుడు పాఠకులతో పెద్ద వాదమే నడిచింది. చివరికి ఆమె పాఠకురాళ్లనే అడిగింది: మీకు సరిగ్గా ఇద్దరు పిల్లలుండి, వారిలో కనీసం ఒకరు అబ్బాయైతే, ఇద్దరి వివరాలూ రాసి పంపండి అని. వేల సంఖ్యలో జవాబులు వచ్చాయి. ఇద్దరూ అబ్బాయిలున్న తల్లులు మూడో వంతుకు కాస్త పైన తేలారు. సగానికి చాలా దూరంలోనే ఆగిపోయారు.

కథ ఇక్కడితో ముగిసిపోతే ఇంత రాయాల్సిన పని లేదు. అదే ఏడాది అక్టోబరు సంచికలో గార్డ్‌నర్ తన రెండో ప్రశ్నను తానే సవరించాడు. కనీసం ఒకరు అబ్బాయి అన్న సంగతి మనకు ఎలా తెలిసిందో చెప్పకుండా ఆ ప్రశ్నకు ఒకే జవాబు ఉండదని ఒప్పుకున్నాడు. నా దృష్టిలో ఈ పజిల్ చరిత్రలో అన్నిటికన్నా విలువైనది ఆ సవరణే. విచిత్రమేమిటంటే జనానికి గుర్తుండిపోయింది మాత్రం మూడో వంతు.

ఎలా తెలిసిందన్న దానికి అంత బలం ఎందుకో మన 400 ఇళ్ల ఊళ్లోనే చూద్దాం. ఊరి తండ్రులందరినీ బడి ఆవరణలోకి పిలిచి, అబ్బాయి ఉన్నవాళ్లంతా హాల్లోకి రండి అన్నారు. 300 మంది వచ్చారు. వారిలో ఎవరినైనా ఒకరిని ఆపి, మీకు ఇద్దరూ అబ్బాయిలేనా అంటే, అవునని చెప్పే అవకాశం మూడో వంతు. ఇప్పుడు తండ్రులను పంపేసి, ఊళ్లోని అబ్బాయిలందరినీ అదే హాల్లోకి పిలిచారు. ఎంతమంది వస్తారు? ఇద్దరూ అబ్బాయిలున్న 100 ఇళ్ల నుంచి ఇద్దరేసి చొప్పున 200 మంది, ఒక్క అబ్బాయే ఉన్న 200 ఇళ్ల నుంచి మరో 200 మంది. మొత్తం 400. ఒక కుర్రాణ్ణి ఆపి, నీకు అన్నో తమ్ముడో ఉన్నాడా అని అడిగితే, ఉన్నాడని చెప్పే అవకాశం 400లో 200, అంటే సగం. ఊరు అదే, ఇళ్లూ అవే. ఆ కుర్రాడి ఇంటి గురించి మనకు తెలిసిందీ అదే: అక్కడ కనీసం ఒక అబ్బాయి ఉన్నాడు. కానీ మొదటిసారి మనం ఎంచుకున్నది ఇంటిని, రెండోసారి ఎంచుకున్నది బిడ్డను. బిడ్డలను ఎంచుకున్నప్పుడు ఇద్దరు అబ్బాయిలున్న ఇల్లు మన చేతికి చిక్కే అవకాశం రెట్టింపవుతుంది.

మాటల్లో తెలిసినా అంతే. రైల్లో ఎదురుగా కూర్చున్న పెద్దాయన తనకు ఇద్దరు పిల్లలని చెప్పి, కాసేపటికి, "మా అబ్బాయి పాలిటెక్నిక్ చదువుతున్నాడండీ" అన్నాడనుకోండి. ఆయన ఇద్దరిలో ఎవరో ఒకరి గురించి అలవోకగా మాట్లాడి ఉంటే లెక్క ఇలా నడుస్తుంది. ఇద్దరూ అబ్బాయిలైన 100 మంది తండ్రులూ ఎలాగూ అబ్బాయి అనే అంటారు. ఒక అబ్బాయి, ఒక అమ్మాయి ఉన్న 200 మందిలో సగం మంది అబ్బాయి ఊసు ఎత్తుతారు, మిగతా సగం అమ్మాయి ఊసు ఎత్తుతారు. అంటే అబ్బాయి అన్నవారు 200 మంది, వారిలో ఇద్దరూ అబ్బాయిలున్నవారు 100 మంది. జవాబు సగం. అదే పెద్దాయన కొడుకుంటే కొడుకు గురించే చెప్పే రకమైతే, 200 మందీ అబ్బాయి అనే అంటారు, జవాబు మూడో వంతుకు దిగుతుంది. కూతురుందంటే మొదట ఆమె గురించే మురిసిపోతూ చెప్పే తండ్రులూ ఉన్నారు. అలాంటాయన అబ్బాయి మాట ఎత్తాడంటే ఇంట్లో అమ్మాయి లేనట్టే. అప్పుడు ఇద్దరూ అబ్బాయిలే, అనుమానం లేదు. ఒకే వాక్యానికి జవాబు మూడో వంతు నుంచి పూర్తి ఒకటి దాకా ఎక్కడైనా ఉండొచ్చన్నమాట. దాన్ని తేల్చేది ఆ వాక్యం ఒక్కటే కాదు. ఇదే పరిస్థితిలో ఆయన ఇంకేం చెప్పి ఉండేవాడో కూడా చూడాలి.

ఇక మంగళవారం సంగతి. ఆడా మగా రెండు రకాలు, వారాలు ఏడు; కాబట్టి ఒక్కో బిడ్డ 14 రకాల్లో ఏదో ఒకటి. ఇద్దరు బిడ్డలకు 14ను 14తో గుణిస్తే 196 జతలు. ఒక్కో జతకు ఒక్కో ఇల్లు అనుకుందాం. పెద్దబిడ్డ మంగళవారం అబ్బాయైన ఇళ్లు 14. చిన్నబిడ్డ మంగళవారం అబ్బాయైన ఇళ్లు 14. ఇద్దరూ మంగళవారం అబ్బాయిలే అయిన ఇల్లు ఒకటుంది, దాన్ని రెండుసార్లు లెక్కపెట్టాం కాబట్టి ఒకటి తీసేస్తే 27. ఇదే పద్ధతిలో ఇద్దరూ అబ్బాయిలున్న ఇళ్లు లెక్కిస్తే ఏడూ ఏడూ పద్నాలుగు, అందులో ఒకటి పోతే 13. అలా వచ్చింది 13/27.

అసలు కీలకం ఆ తీసివేతలో ఉంది. ఉత్త అబ్బాయి అన్నప్పుడు పెద్దవాడు అబ్బాయైన 200 ఇళ్లు, చిన్నవాడు అబ్బాయైన 200 ఇళ్లు కలిపి, రెండుసార్లు వచ్చిన 100 తీసేశాం. ఆ వంద ఇళ్లూ ఇద్దరు అబ్బాయిలున్నవే కాబట్టి దెబ్బంతా వాటి మీదే పడి, సగం కావాల్సింది మూడో వంతుకు జారింది. మంగళవారం అని చేర్చగానే రెండుసార్లు వచ్చే ఇల్లు ఒక్కటే అయింది, దెబ్బ చిన్నదైంది, జవాబు సగం వైపు జరిగింది. మంగళవారం బదులు ఫలానా తేదీన పుట్టిన అబ్బాయి అంటే 729/1459 వస్తుంది. అది సగానికి వెంట్రుకవాసి దూరం. పెద్దవాడు అబ్బాయి అంటే రెండుసార్లు వచ్చే ఇల్లే ఉండదు. అందుకే అక్కడ కచ్చితంగా సగం.

కానీ ఈ 13/27 కూడా ఎలా తెలిసిందన్న ప్రశ్నను తప్పించుకోలేదు. మీకు మంగళవారం పుట్టిన అబ్బాయి ఉన్నాడా అని ఊరంతా అడిగి, ఉన్నాడన్న 27 ఇళ్లను పోగేస్తేనే ఆ జవాబు నిలుస్తుంది. అలా కాకుండా ఒక తండ్రి తన ఇద్దరిలో ఒకరిని తోచినట్టు తలచుకుని, వాడు మంగళవారం పుట్టాడని చెప్పాడనుకోండి. ఇద్దరూ మంగళవారం అబ్బాయిలైన తండ్రి తప్పకుండా ఆ మాటే అంటాడు. మిగతా 26 మందిలో సగం, అంటే 13 మంది అంటారు. మొత్తం 14. ఇద్దరూ అబ్బాయిలున్నవారిలో ఒకరికి తోడు 12 మందిలో సగం, అంటే 7. పద్నాలుగులో ఏడు సగమే. మంగళవారం గురించి ఎవరూ పనిగట్టుకుని అడగరు కాబట్టి, వేదిక మీద నిలబడి ఎవరైనా ఆ మాట చెబితే సగం అన్నవారిని తప్పు పట్టడానికి నాకు మనసొప్పదు.

పన్నెండో తరగతి ఎన్‌సీఈఆర్‌టీ గణిత పుస్తకంలో సంభావ్యత అధ్యాయంలో ఈ ఇద్దరు పిల్లల లెక్క ఉంది. కనీసం ఒకరు అబ్బాయని తెలిస్తే ఇద్దరూ అబ్బాయిలయ్యే సంభావ్యత ఎంతని అడుగుతుంది. దానికి జవాబు 1/3. పరీక్షలో 1/3 అనే రాయండి. అక్కడ కుటుంబాలను వడపోసి మిగిలినవాటిని లెక్కపెట్టమనే అర్థం. పరీక్ష హాలు బయట ఎవరైనా ఈ ప్రశ్న వేస్తే మాత్రం, జవాబు చెప్పే ముందు ఆ అబ్బాయి సంగతి వారికి ఎలా తెలిసిందో అడగండి.